ఓర్పు అని వెతికితే తేటనీరు దొరకదు

పోయిన ఆగస్టులో ఒక సోమవారం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మా గ్రంథాలయానికి వచ్చింది. ఆ వారం అసెంబ్లీలో తెలుగు సూక్తి చెప్పే వంతు ఆమెది. నోటీసు బోర్డు మీద అంశం 'సహనం' అని రాసి ఉంది. ఆమె చేతిలోని కాగితం మీద "సహనం యొక్క ఫలం తియ్యగా ఉంటుంది" అని ఉంది.

"ఇది ఎక్కడ దొరికిందమ్మా?" అని అడిగాను.

"దొరకలేదు మేడమ్. 'సబ్ర్ కా ఫల్ మీఠా హోతా హై' అని హిందీలో ఉంది కదా. తెలుగులో 'సహనం సామెతలు' అని కొట్టి చూస్తే గులాబీ పువ్వుల బొమ్మల మీద ఏవేవో వాక్యాలు వచ్చాయి. అందుకని నేనే మార్చేశాను" అంది. కాసేపు ఆగి, "తెలుగులో సహనం మీద సామెతలు లేవేమో" అని కూడా అంది.

ఆ చివరి మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఆ పిల్ల ఢిల్లీలోనే పుట్టింది. బడిలో హిందీ, ఇంగ్లీషు. ఇంట్లో మాత్రమే తెలుగు. తన భాషలో ఒక మంచి మాట ఉందో లేదో తెలుసుకోవడానికి ఆమెకు ఉన్న కిటికీ ఆ వెతుకులాట పెట్టె ఒక్కటే. అందులో ఒక మాట కొట్టింది, ఏమీ రాలేదు. దాంతో ఆ మాట తన భాషలోనే లేదని తేల్చుకుంది.

ఆ సాయంత్రం తెనాలిలో ఉన్న అమ్మమ్మకు ఫోను చేసి అడగమన్నాను. మరునాడు నవ్వుకుంటూ వచ్చింది. సహనం మీద సామెత చెప్పమంటే అమ్మమ్మకు కూడా ఏమీ గుర్తు రాలేదట. "సహనమంటే ఏముంటాయే బంగారం, గుర్తు రావడం లేదు" అందట. అప్పుడు ఈ పిల్ల, "అది కాదు అమ్మమ్మా, తొందరపడకుండా ఆగినవాళ్ళకి మంచి జరిగితే ఏమంటారు?" అని అడిగిందట. వెంటనే, "ఓర్చినమ్మకు తేటనీరు అంటాం" అని జవాబు వచ్చిందట.

ఒకే అమ్మమ్మ, ఒకే విషయం. అడిగిన మాట మారేసరికి జవాబు దొరికింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. సామెతను వెతకడానికి అంశం పేరు అన్నిటికన్నా పనికిరాని మాట. మనం పిల్లలకు అంశాల జాబితా ఇచ్చి, "దీని మీద ఒక సామెత తీసుకురండి" అని పంపిస్తున్నాం. అంటే ఆ పనికిరాని మాటనే చేతికిచ్చి పంపుతున్నాం. ఆ పద్ధతి మారాలి.

ఎందుకు పనికిరాదో ముందు చూద్దాం. సహనం, కృతజ్ఞత, పొదుపు, అసూయ, అహంకారం లాంటివి పాఠ్యపుస్తకం మాటలు. వీటిలో ఎక్కువ భాగం సంస్కృతం నుంచి వచ్చినవి. సామెతలు మాత్రం నూతి దగ్గర, పొలం గట్టు మీద, వంటింట్లో, రేవులో పుట్టాయి. అక్కడ ఎవరూ "సహనం వహించుము" అనుకోరు. "ఉండవే, నీళ్ళు తేరుకోనీ" అంటారు. అదీగాక సామెత తన అంశాన్ని పేరు పెట్టి చెప్పదు. ఒక బొమ్మను చూపించి ఊరుకుంటుంది. అర్థం విన్నవాళ్ళే తీసుకోవాలి. పేరు పెట్టి చెబితే అది సామెత కన్నా నినాదానికి దగ్గరగా ఉంటుంది. అందుకే 'ఐకమత్యం' అని వెతికితే "ఐకమత్యమే మహాబలం" ఒక్కటి దొరుకుతుంది గానీ "కలసి ఉంటే కలదు సుఖం" దొరకదు. రెండోదానిలో ఐకమత్యం అన్న మాటే లేదు మరి.

ఇప్పుడు ఆ అమ్మాయి అంశాన్నే తీసుకుని, ఎలా వెతికి ఉండాల్సిందో మెట్టు మెట్టుగా చూద్దాం. మేమిద్దరం ఆ వారం చేసిన పని ఇదే.

మొదటి మెట్టు, మాటకు ఇంటి పేరు కనుక్కోవడం. సహనానికి తెలుగులో ఏయే మాటలున్నాయి? ఓర్పు, ఓపిక, తాళిమి, నిదానం. వీటిలో 'నిదానం' అని వెతకగానే "నిదానమే ప్రధానం" వచ్చింది. రోడ్ల పక్కన బోర్డుల మీద కూడా కనిపించే మాటే, కానీ సహనం అని వెతికినప్పుడు రాలేదు. 'ఓపిక'తో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. దానికి ఓర్పు అనే అర్థం ఉంది, ఒంట్లో సత్తువ అనే అర్థమూ ఉంది. "నడిచే ఓపిక లేదు" అన్నప్పుడు అది సహనం సంగతి కాదు.

రెండో మెట్టు, మాట రూపం. తెలుగు వాళ్ళు కూడా ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే. 'ఓర్పు' అని వెతికితే "ఓర్చినమ్మకు తేటనీరు" రాదు. ఎందుకంటే అందులో 'ఓర్పు' లేదు, 'ఓర్చిన' ఉంది. మనకు రెండూ ఒకే మాట పిల్లలు. అక్షరాలు పోల్చి చూసే యంత్రానికి ఓర్పు వేరు, ఓర్చు వేరు. కాబట్టి ఓర్చు, ఓర్చి, ఓర్చిన, ఓర్చుకో అని క్రియ రూపాలు విడివిడిగా కొట్టి చూడాలి. విచిత్రమేమిటంటే అచ్చు పుస్తకంలో ఈ బాధ తక్కువ. 1868లో మద్రాసులో అచ్చయిన కెప్టెన్ కార్ గారి సంకలనం 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' లాంటి పుస్తకాల్లో సామెతలు అకారాది క్రమంలో ఉంటాయి. 'ఓర్పు' కోసం పేజీ తిప్పినవాళ్ళ కన్ను పక్కనే ఉండే 'ఓర్చిన' మీద ఎలాగూ పడుతుంది. పుస్తకం మన పొరపాటును కొంత సర్దుకుంటుంది. వెతుకులాట పెట్టె సర్దుకోదు.

కానీ అకారాది క్రమానికి దాని ఇబ్బంది దానికుంది. సామెత మొదటి మాట తెలియాలి. మొదటి మాట ఊరూరికీ మారుతుంది. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అన్న సామెతనే తీసుకోండి. కూర్చుని అని కొందరు, కూర్చొని అని కొందరు, కూచుని అని కొందరు రాస్తారు. పరుగెత్తి అన్నా పరిగెత్తి అన్నా ఒకటే. తాగడాన్ని త్రాగడం అనీ, నీళ్ళు అన్నదాన్ని నీళ్లు అనీ రాసేవాళ్ళున్నారు. ఒక రూపంతో రాకపోతే రెండో రూపంతో చూడాలి. లేదంటే సామెతలో మారడానికి వీల్లేని చిన్న మాటను పట్టుకోవాలి. ఈ సామెతలో అది 'కొండ'.

మూడో మెట్టు, ఎదురు మాట. సామెతలకు మెచ్చుకోవడం కన్నా ఎగతాళి చేయడం ఇష్టం. సహనం ఉన్నవాణ్ణి పొగిడే సామెతల కన్నా, లేనివాణ్ణి చూసి నవ్వే సామెతలు ఎక్కువ. కాబట్టి 'ఆత్రం', 'తొందర' అని వెతకాలి. అప్పుడు "ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెడలో తాళి కట్టాడట" అన్నది వస్తుంది. ఇక్కడ కూడా 'ఆత్రం' కాదు, 'ఆత్రపు' అని ఉందని గమనించండి. సహనం మీద ఇంతకన్నా గట్టిగా చెప్పిన మాట ఏ పాఠంలో ఉంది? ఎనిమిదో తరగతి పిల్లలు ఒకసారి వింటే చాలు, మరచిపోరు.

నాలుగో మెట్టు, బొమ్మ. ఇక్కడ అంశాన్ని పూర్తిగా పక్కన పెట్టి ఒక ప్రశ్న వేసుకోవాలి. సహనం కంటికి ఎలా కనిపిస్తుంది? ఆ అమ్మాయిని ఇదే అడిగాను. ఆలోచించి, "మెట్రోలో లైన్లో నిలబడటం" అంది. బాగుంది. నిలబడటం, ఆగటం. దానికి ఎదురు పరుగెత్తడం. 'నిలబడి' అని వెతికింది. "పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" వచ్చింది. ఆ సామెతలో సహనం లేదు, ఓర్పు లేదు, నిదానం లేదు, ఆత్రం కూడా లేదు. అంశానికి ఎన్ని పర్యాయపదాలు తెలిసినా అది దొరికేది కాదు. బొమ్మ వల్లనే దొరికింది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఢిల్లీ పిల్లలకు 'తాళిమి' లాంటి మాటలు తెలియవు. 'నీళ్ళు', 'పాలు', 'పరుగు', 'మంచం', 'కొండ' మాత్రం తెలుసు. ఎందుకంటే వాళ్ళ తెలుగు ఇంట్లో నేర్చిన తెలుగు. సామెతల తెలుగు కూడా అదే. అంశం పేరుతో వెతకమంటే వాళ్ళకు లేని తెలుగును అడిగినట్టు. బొమ్మతో వెతకమంటే ఉన్న తెలుగును వాడుకోమన్నట్టు. ఇంట్లో మాత్రమే తెలుగు మాట్లాడే పిల్ల ఈ పద్ధతిలో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు పెద్దగా తీసిపోదు. నేను దీని కోసం వాదించడానికి ముఖ్య కారణం ఇది.

తరువాతి వారం అంశం 'కృతజ్ఞత'. ఈసారి వంతు ఒక తొమ్మిదో తరగతి అబ్బాయిది. కృతజ్ఞత అన్న మాట ఉన్న సామెత అతనికి ఒక్కటీ కనిపించలేదు. ఎదురు మాట 'విశ్వాసం లేకపోవడం' అనుకున్నాం. అదీ అంతగా కలిసి రాలేదు. అప్పుడు బొమ్మ గురించి అడిగాను. "సాయం చేసినవాణ్ణి మరచిపోవడం ఎలా ఉంటుంది? అవసరం ఎప్పుడు తీరుతుంది?" అతను, "ఆటో దిగాక డ్రైవర్‌ని ఎవరూ పట్టించుకోరు కదా మేడమ్, అలాగా?" అన్నాడు. సరిగ్గా అలాగే. అయితే ఈ సామెతలు పుట్టిన నాటికి ఆటోలు లేవు. మరి జనం దేనిమీద ఎక్కి దిగేవారు? ఏరు దాటడానికి పడవ.

'పడవ' అని వెతికితే పని జరగలేదు. అప్పుడు పడవకు ఉన్న మిగతా పేర్లు రాశాడు. ఓడ, తెప్ప, నావ, దోనె. 'తెప్ప'కు "ఏరు దాటి తెప్ప తగలేసినట్టు" వచ్చింది. 'ఓడ'కు "ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, ఓడ దాటాక బోడి మల్లయ్య" వచ్చింది. అతనికి అది ఎంత నచ్చిందంటే ఆ రోజంతా స్నేహితులను బోడి మల్లయ్యా అని పిలుస్తూనే ఉన్నాడు. ఇదే సామెతను "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య" అని మొదలుపెట్టేవాళ్ళూ ఉన్నారు. అకారాది పుస్తకంలో అది 'ఏ' కింద ఉంటుందో 'ఓ' కింద ఉంటుందో ముందుగా చెప్పలేం. 'మల్లయ్య' అని వెతికితే రెండూ పట్టుబడతాయి.

చూడండి, ఇక్కడ రెండు పనులు కలిశాయి. ముందు అంశం నుంచి బొమ్మకు వెళ్ళాం. తరువాత ఆ బొమ్మకే పర్యాయపదాలు వెతికాం. చాలామంది పర్యాయపదాలంటే అంశానికి వెతికేవే అనుకుంటారు. సామెతల విషయంలో బొమ్మకు వెతికే పర్యాయపదాలే ఎక్కువ ఫలితమిస్తాయి. ఈ పనికి పాత పుస్తకాలు భలే సాయం చేస్తాయి. అమరకోశం అకారాది నిఘంటువు కాదు. నీటికి సంబంధించినవన్నీ ఒకచోట, ఊరికి సంబంధించినవన్నీ ఒకచోట వర్గాలుగా చెబుతుంది. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం కూడా పర్యాయపదాలను వర్గాలుగానే పేర్చింది. పడవ దగ్గర మొదలుపెట్టినవాళ్ళకు తెప్ప, రేవు, ఏరు చుట్టుపక్కలే ఉండాలన్న ఆలోచన మనవాళ్ళకు కొత్త కాదు. ఇంగ్లీషులో ఈ తరహా పేరుపొందిన పుస్తకం రోజే గారి థెసారస్ 1852లో వచ్చింది. బ్రౌను గారి తెలుగు నిఘంటువు కూడా అదే సంవత్సరం అచ్చయింది.

రెండు మూడు భాషల మధ్య బతికే మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. హిందీ సామెత ముందు తెలిసి ఉంటుంది. దాని తెలుగు జోడీ కోసం వెతుకుతారు. "జిత్‌నీ చాదర్ హో, ఉత్‌నే పైర్ పసారో" అని ఇక్కడ అందరికీ తెలుసు. ఉన్నదాన్ని బట్టి ఖర్చు పెట్టుకోమని అర్థం. తెలుగులో 'పొదుపు' అని వెతికితే అది దొరకదు. సరే, బొమ్మతో వెతుకుదామని 'దుప్పటి' అన్నా ప్రయోజనం తక్కువ. ఎందుకంటే మన సామెతలో ఉన్నది దుప్పటి కాదు, దుప్పటి కింద ఉన్నది. "మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి." ఇంగ్లీషు వాళ్ళు ఇదే సంగతిని గుడ్డ కొద్దీ కోటు కత్తిరించుకోమని చెబుతారు. ఒక భాషలో దుప్పటి, ఒక భాషలో మంచం, ఒక భాషలో కోటు గుడ్డ. కాబట్టి బొమ్మను అనువదించి ఆగిపోకూడదు. ఆ బొమ్మ ఇరుగుపొరుగును కూడా తట్టాలి. దుప్పటి పక్కన ఏముంటాయి? మంచం, పరుపు, చాప, తలగడ, కాళ్ళు. ఇక్కడ మూడు భాషల్లో రెంటికి ఉమ్మడిగా ఉన్నది 'కాళ్ళు'. అదే పట్టుకుంటే తొందరగా దొరికేది. చాపుకోవాలి అన్నచోట చాచుకోవాలి, జాపుకోవాలి అని కూడా ఉంటుంది కాబట్టి ఆ క్రియను నమ్ముకోవద్దు.

ఈ పద్ధతికి ఒక ప్రమాదం ఉంది. దాచకుండా చెప్పాలి. వల పెద్దదైతే అక్కర్లేని చేపలు కూడా పడతాయి. పొదుపు కోసం వెతుకుతుంటే 'కొద్దీ' అన్న మాటతో "పిండి కొద్దీ రొట్టె" వస్తుంది. చూడటానికి మంచం సామెతకు తమ్ముడిలా ఉంటుంది. కానీ అది ఖర్చు తగ్గించుకోమని చెప్పడం లేదు. ఎంత పెడితే అంతే వస్తుంది అంటోంది. పొదుపు వారంలో చదివితే అర్థం పక్కకు పోతుంది. అలాగే ఐకమత్యం కోసం 'చేతులు' అని వెతికితే "రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు" దొరుకుతుంది. దాన్ని కలసి పనిచేయడం గురించి వాడతారు, నిజమే. కానీ ఇద్దరు కొట్లాడుకుని ఒకరి మీద ఒకరు చెప్పుకున్నప్పుడు, తప్పు ఇద్దరిదీ అని చెప్పడానికి కూడా అదే వాడతారు. మనం చెప్పేది ఏదో వినేవాళ్ళకు తెలిసేలా ఒక వాక్యం జోడించకపోతే సభలో నవ్వులు వస్తాయి. ఇక "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి" లాంటిది సహనం వెతుకులాటలో దొరికితే, అది మన అంశానికి వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతుంది. సామెతలు అన్నీ ఒకే మాట మీద నిలబడవు. "నిదానమే ప్రధానం" అన్న జనమే "ఆలస్యం అమృతం విషం" అని కూడా అన్నారు.

అందుకని దొరికిన ప్రతిదానికీ ఒక పరీక్ష పెట్టాలి. ఇది ఎవరు ఎవరితో ఎప్పుడు అంటారు? ఈ ప్రశ్నకు ఒక చిన్న సంఘటన చెప్పగలిగితే సామెత అర్థమైనట్టు. చెప్పలేకపోతే ఇంకా అర్థం కానట్టు. అప్పుడే పెద్దవాళ్ళకు ఫోను చేయాలి. "ఓర్చినమ్మకు తేటనీరు" విషయంలో ఆ అమ్మాయి అమ్మమ్మ చెప్పింది ఇది. ఎండాకాలంలో ఏటి ఇసుకలో చెలమ తవ్వితే ముందు బురద నీళ్ళు ఊరుతాయి. తొందరపడి ముంచుకున్నామె బిందెలో బురదే ఉంటుంది. కాసేపు కూర్చున్నామెకు నీళ్ళు తేరుకుని అడుగు కనిపిస్తాయి. ఈ కథ విన్నాక ఆ నాలుగు మాటలను సభలో ఎలా పలకాలో ఆ పిల్లకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

ఇంకో పరీక్ష, అది నిజంగా సామెతేనా అన్నది. గులాబీ బొమ్మల మీది వాక్యాలు చాలావరకు వేరే భాషల నుంచి మార్చి రాసినవి. ఎలా గుర్తుపట్టాలి? జనం నోట తిరిగిన సామెతకు రెండు మూడు రూపాలుంటాయి, చాపుకో, చాచుకో, జాపుకో అన్నట్టు. మార్చి రాసిన వాక్యం ఎక్కడ చూసినా ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంటుంది. 'యొక్క' అన్న మాట కనిపిస్తే మరీ అనుమానించాలి. మన పాత సామెతలకు 'యొక్క'తో పనిలేదు. ఇది ఖాయమైన సూత్రం కాదు గానీ మొదటి జల్లెడగా పనికొస్తుంది. అనుమానం తీరకపోతే అచ్చయిన సంకలనంలో చూడాలి. అందుకోసం హైదరాబాదు వెళ్ళనక్కర్లేదు. మండీ హౌస్ దగ్గర రవీంద్ర భవన్‌లో సాహిత్య అకాడమి గ్రంథాలయం ఉంది. అక్కడ తెలుగుతో సహా చాలా భారతీయ భాషల పుస్తకాలున్నాయి. ఒక రోజు ఇంట్లో పెద్దవాళ్ళతో కలసి వెళ్ళి చూడండి.

బొమ్మల దారిలో వెళ్ళినప్పుడు మనుషులను కించపరిచే సామెతలు కూడా ఎదురవుతాయని చెప్పాలి. కులం మీద, ఆడవాళ్ళ మీద, అంగవైకల్యం ఉన్నవాళ్ళ మీద పాతకాలం విసుర్లు మన సామెతల్లో ఉన్నాయి. అవి ఉన్నాయని తెలుసుకోవడం చదువే. సభలో చదవడం మాత్రం తగదు. ఎంపిక దగ్గర టీచర్లు పక్కన ఉండాలి.

నా వాదన విన్న ఒక సహోపాధ్యాయుడు, "ఒక్క సామెతకు ఇంత తతంగమా? అంశం పక్కన నాలుగు సామెతలు రాసి ఇచ్చేస్తే పోతుంది కదా!" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. సిలబస్ ఎంత ఉందో నాకూ తెలుసు. కానీ మనం రాసి ఇచ్చే ఆ నాలుగూ ఏటా అవే నాలుగు. పిల్లలు వాటిని చదివి కాగితం పారేస్తారు. వెతికి పట్టుకున్నది మాత్రం వాళ్ళతో ఉంటుంది. పైగా ఈ నాలుగు మెట్లకూ పట్టే సమయం ఒక లైబ్రరీ పీరియడ్‌లో సగం కూడా కాదు.

నేను కోరేది పెద్ద మార్పు కాదు. నోటీసు బోర్డు మీద అంశం పేరుతో పాటు రెండు మూడు బొమ్మల మాటలు కూడా రాయండి. 'సహనం' అని రాసి ఊరుకోకుండా, పక్కన 'ఆగటం, పరుగు, నీళ్ళు తేరుకోవడం' అని రాయండి. రెండోది, పిల్లలు తెచ్చిన ప్రతి సామెతనూ ఒక కార్డు మీద ఎక్కిద్దాం. కార్డుకు నాలుగు వరసలు చాలు. మొదటి వరసలో సామెత, తెలిసిన రూపాలన్నిటితో. రెండో వరసలో అందులోని వస్తువులు, వాటి మారుపేర్లు. మూడో వరసలో అంశం, దాని ఎదురు. నాలుగో వరసలో ఎవరు ఎప్పుడు అంటారో ఒక వాక్యం. బోడి మల్లయ్య కార్డు మీద రెండో వరసలో ఓడ, పడవ, తెప్ప, ఏరు, రేవు అని ఉంటుంది. మూడో వరసలో కృతజ్ఞత, విశ్వాసం, మరచిపోవడం, అవసరం తీరడం అని ఉంటుంది. వచ్చే ఏడు ఏ పిల్ల ఏ మాట పట్టుకుని వచ్చినా ఆ కార్డు దగ్గరికి చేరుతుంది. అంశం తెలిసిన పిల్లా వస్తుంది, పడవ మాత్రమే తెలిసిన పిల్లా వస్తుంది.

ఈ పని మొదలైంది. గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల మీద ఒక పాత చెప్పుల పెట్టెలో ఆ కార్డులు ఉన్నాయి. ముందు ఉన్న కార్డు ఆ ఎనిమిదో తరగతి అమ్మాయిది. ఆమె ఆ శుక్రవారం అసెంబ్లీలో సామెత చెప్పి, చెలమ కథ హిందీలో రెండు వాక్యాల్లో వివరించింది. కార్డు నాలుగో వరసలో ఎర్ర సిరాతో ఇలా రాసింది: "మా అమ్మమ్మ మా అమ్మతో అంటుంది, పప్పు ఉడకకముందే కుక్కరు మూత తీయబోతే."